‘కిల్స్’ ఉన్నచోట ‘ప్రాణం’ ఎలా వచ్చింది?

మన రోడ్ల పక్కన ఇంగ్లిషులో ‘స్పీడ్ థ్రిల్స్ బట్ కిల్స్’ అని ఒక బోర్డు కనిపిస్తుంది. తెలుగులో అదే హెచ్చరిక చేయడానికి ‘వేగం కన్న ప్రాణం మిన్న’ అని రాస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటిదాంట్లోని ‘థ్రిల్’ గానీ, ‘కిల్’ గానీ రెండోదాంట్లో లేవు. ఉన్న మాటల్లో వేగం ఒక్కటే రెండింటికీ ఉమ్మడి. అయినా తెలుగు నినాదం నోట నిలిచింది.

మాటకు మాట పెట్టి ఉంటే ‘వేగం పులకింపజేస్తుంది కానీ చంపుతుంది’ అయ్యేది. అర్థంలో తప్పేమీ లేదు. కానీ ఇంగ్లిషులో ‘థ్రిల్స్’, ‘కిల్స్’ ఒక్కో దెబ్బలో పలికే మాటలు. తెలుగు క్రియ కాలాన్నీ కర్తనూ తన వెంట మోసుకొస్తుంది కాబట్టి ‘పులకింపజేస్తుంది’ ఏడక్షరాలకు సాగుతుంది. చివర ‘తుంది’, ‘తుంది’ కలిసినా అది ప్రాస అనిపించుకోదు. రోజూ చదివే వార్తల్లో సగం వాక్యాలు అలాగే ముగుస్తాయి, చెవి వాటిని పట్టించుకోదు. పైగా పులకింత అనగానే మనకు భావకవిత్వం గుర్తొస్తుంది గానీ బైకు మీద దూసుకెళ్లే కుర్రాడు కాదు.

‘వేగం కన్న ప్రాణం మిన్న’ పట్టు ఎక్కడుందో తెలియాలంటే మాత్రలు లెక్కపెట్టాలి. ‘వేగం కన్న’లో మూడు గురువులు, ఒక లఘువు: మొత్తం ఏడు మాత్రలు. ‘ప్రాణం మిన్న’లోనూ సరిగ్గా అదే వరస, అవే ఏడు మాత్రలు. తక్కెడలో రెండు పళ్లేలూ సమంగా నిలిచినట్టుంటుంది. ‘వేగం’, ‘ప్రాణం’ రెండూ సున్నాతో ఆగుతాయి. ‘కన్న’, ‘మిన్న’లకు రెండో అక్షరం ‘న్న’ కలిసి ప్రాస కుదురుతుంది. కొన్ని బోర్డుల మీద ‘కన్నా’ అని దీర్ఘం తీస్తారు. అప్పుడు ఒక మాత్ర పెరిగి తూకం కాస్త వాలుతుంది. చదివి చూస్తే ఆ తేడా నాలుకకే తెలుస్తుంది.

క్రియ లేకపోవడం ఇంకో బలం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటిపోతుంది. రెండు సెకన్లలో చదవాల్సిన బోర్డు మీద క్రియ కోసం వాక్యం చివరిదాకా ఎదురుచూసే తీరిక డ్రైవరుకు ఉండదు. ఇక్కడ నాలుగు చిన్న మాటల్లో పని అయిపోతుంది. ‘చంపుతుంది’ అని భయపెట్టే బదులు ‘ప్రాణం’ అని విలువైనదాన్ని గుర్తుచేయడం కూడా ప్రయాణంలో ఉన్న మనిషికి ఇంపుగా ఉంటుంది. ఊరికి బయల్దేరినవారి ముందు చావు మాట ఎత్తని ఇళ్లు మనలో ఇప్పటికీ ఉన్నాయి.

శబ్దం కోసం భాష ఎంతదూరం వెళ్తుందో ‘క్లీన్ అండ్ గ్రీన్’ చూపిస్తుంది. 1990ల చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది ‘పచ్చదనం - పరిశుభ్రత’ అయింది. మాటల వరస తిరగబడింది, రెండూ ‘ప’తో మొదలయ్యాయి. 2024 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం ‘స్వచ్ఛదనం - పచ్చదనం’ పేరుతో కార్యక్రమం చేపట్టింది. సంస్కృత పద్ధతిలో ‘స్వచ్ఛత’ అనాల్సినచోట తెలుగు ప్రత్యయం ‘దనం’ తగిలించారు. వ్యాకరణం తెలిసినవారు ముఖం చిట్లించవచ్చు గానీ, నినాదంగా అది సరైన నిర్ణయమే.

ప్రకటనల రంగంలో ఈ పనిని ట్రాన్స్‌క్రియేషన్ అంటారు, సాహిత్యంలో అనుసృజన అన్న మాట ఉంది. రాసినవారు రెండు మూడు నినాదాలిచ్చి, ఒక్కోదాన్నీ తిరిగి ఇంగ్లిషులో ఉన్నదున్నట్టు చెప్పి, ఏం వదిలారో, ఎందుకు వదిలారో వివరిస్తారు. తెలుగు రాని క్లయింటుకు అదే ఆధారం.

ఆ పరీక్షకు ‘వేగం కన్న ప్రాణం మిన్న’ను పెడితే ఒక లోటు బయటపడుతుంది. వేగంలో మజా ఉందని ఇంగ్లిషు నినాదం ముందే ఒప్పుకుంటుంది. కుర్రవాళ్లు దాన్ని చెవిన పెట్టడానికి కారణం అదే. తెలుగులో ఆ ఒప్పుకోలు లేదు. దాన్ని తేవాలంటే ‘పులకింత’ను వదిలి ‘హుషారు’ దగ్గర మొదలుపెట్టాలి. ‘హుషారు’కు దగ్గరగా పలికే మాట ‘ఉసురు’. ‘హుషారు కోసం ఉసురు తీసుకోకు’ అంటే ముక్కూమొహం తెలియనివారిని ఏకవచనంతో పిలిచినట్టవుతుంది. ‘హుషారు కోసం ఉసురు పోసుకోవద్దు’ అంటే మర్యాద నిలుస్తుంది. ఇంకొకరి ఉసురు పోసుకోవడమనే నుడికారం వల్ల ఎదురుగా వచ్చేవారి ప్రాణం సంగతీ అందులోకి వస్తుంది. ఇంగ్లిషులో లేని మాట అది.

అయితే ఇది పొడవైంది, చివర క్రియ ఉంది. హైవే బోర్డుకు పాత నినాదమే తగినది. కొత్తది కాలేజీ గోడ మీద, బైకు పార్కింగ్ దగ్గర, నిలబడి చదివే చోట పెట్టాలి.