కార్టులో ఆగిన చీర కోసం పదిహేను సెకన్లు

మంగళగిరి చీరలను ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న దుకాణం ఉందనుకుందాం. నిజాం అంచున్న నూలు చీర ధర 2,450 రూపాయలు. ఒకావిడ దాన్ని కార్టులో వేసి, కొనకుండానే వెళ్లిపోయింది. సాయంత్రం ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే అదే చీర మళ్లీ ఎదురైంది. దీన్నే రీటార్గెటింగ్ అంటారు.

దుకాణం వెబ్‌సైటులో పిక్సెల్ అనే చిన్న కోడ్ ఉంటుంది. సరుకు కార్టులో పడగానే AddToCart అని, ఆర్డరు పూర్తికాగానే Purchase అని అది ప్రకటనల సంస్థకు కబురు పంపుతుంది. మొదటి కబురు వచ్చి రెండోది రానివాళ్లకే ఈ ప్రకటన వెళ్లాలి. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లకు రెండో కబురు అమర్చడం మరిచిపోతే, చీర కొన్నవాళ్లకే ఆ చీర కొనమని ప్రకటన వెళుతుంది. దుకాణదారు తానే రెండు రకాలుగానూ ఒక్కో ఆర్డరు పెట్టి చూస్తే ఈ లోపం బయటపడుతుంది.

అసలు పని స్క్రిప్టులో ఉంది. చాలామంది దీన్ని మామూలు ప్రకటనలాగే రాస్తారు: దుకాణం పేరు, నేతన్నల గొప్పదనం, చీర అందం. కార్టులో వేసినావిడకు అవన్నీ తెలుసు, చీర నచ్చింది కూడా. ఏదో ఒక సందేహం ఆమెను ఆపింది. ఆ సందేహానికి జవాబు చెప్పడమే ఈ స్క్రిప్టు పని అని నా నమ్మకం. ‘మీ కార్టు ఎదురుచూస్తోంది’ అని గుర్తుచేస్తే సరిపోదు. పైగా తనను ఎవరో గమనిస్తున్నారన్న ఇబ్బంది కలుగుతుంది.

సందేహమేమిటో ఊహించనక్కర్లేదు. దుకాణం వాట్సాప్‌కు వచ్చిన ప్రశ్నలు చదివితే చాలు. ‘రంగు ఫొటోలో ఉన్నట్టే ఉంటుందా?’, ‘నచ్చకపోతే తీసుకుంటారా?’ అనేవే ఎక్కువగా ఉన్నాయనుకుందాం. పదిహేను సెకన్లలో తీరిగ్గా పలకగలిగేది పాతిక ముప్ఫై మాటలే. కాబట్టి ఈ రెండింటికే చోటు.

మొదటి మూడు సెకన్లు చీర అంచు దగ్గరగా కనిపిస్తుంది. గొంతు: ‘ఫోన్‌లో చూసిన రంగే ఇంటికి వస్తుందా?’

తర్వాతి ఆరు సెకన్లు అదే చీర రెండు చోట్ల. ‘ఇది కిటికీ వెలుగులో. ఇది ట్యూబ్‌లైటు కింద. రంగులు దిద్దని వీడియో ఇది.’

ఆపై నాలుగు సెకన్లు, చీర మడిచి పెట్టెలో పెడుతున్న చేతులు. ‘నచ్చకపోతే ఏడు రోజుల్లో వెనక్కి పంపండి. కొరియర్ ఖర్చు మాదే.’

చివరి రెండు సెకన్లు తెరమీద ధర, కింద ‘కార్టు చూడండి’ అనే బటన్.

చాలామంది శబ్దం ఆపేసి చూస్తారు కనుక ప్రతి మాటా తెరమీద అక్షరాల్లోనూ రావాలి. బటన్ నొక్కితే నేరుగా కార్టే తెరుచుకోవాలి. హోంపేజీకి తీసుకెళితే ఆమె చీరను మళ్లీ వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇక్కడ మొదటే తగ్గింపు ప్రకటించడం నష్టం. కార్టులో వేసి వదిలేస్తే మర్నాడు ధర తగ్గుతుందని తెలిస్తే మళ్లీ మళ్లీ కొనేవాళ్లు అలాగే చేస్తారు. ‘ఒక్కటే మిగిలింది’ అని లేని కొరత చెప్పడం మరీ తప్పు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో ఇలాంటి బూటకపు తొందరపెట్టడం నిషిద్ధం. డబ్బు కట్టే చివరి పేజీలో 120 రూపాయల కొరియర్ ఛార్జీ హఠాత్తుగా కనిపించి జనం ఆగిపోతుంటే, ఏ స్క్రిప్టూ దాన్ని సరిచేయలేదు. ఆ ఛార్జీని చీర పేజీలోనే ధర పక్కన చూపించాలి.

ప్రకటన పనిచేసిందో లేదో తేల్చడంలోనే ఎక్కువమంది మోసపోతారు. ప్రకటన కనిపించాక ఒక రోజులో చీర కొంటే, బటన్ నొక్కకపోయినా ప్రకటనల సంస్థ ఆ అమ్మకాన్ని సాధారణంగా తన ఖాతాలో వేసుకుంటుంది. కానీ కార్టులో వేసినవాళ్లలో కొందరు జీతం రాగానే ఎలాగూ కొంటారు. అందుకే జాబితాను చీటీలు తీసినట్టు రెండుగా విడగొట్టి, సగం మందికి ప్రకటన ఆపాలి. చూసిన 400 మందిలో 36 మంది, చూడని 400 మందిలో 24 మంది కొన్నారనుకుందాం. ప్రకటన వల్ల అమ్ముడైన చీరలు 36 కావు, 12. అంత చిన్న తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు కాబట్టి రెండు మూడు నెలలు ఇలాగే లెక్క చూడాలి. అప్పటికీ తేడా నిలిస్తే, ఆ పన్నెండు చీరల మీది లాభంతో ప్రకటన ఖర్చును పోల్చాలి.