ఇంగ్లిష్ టిప్స్: 'కంటే' దగ్గర తడబడుతున్నారా? ఒక్క తప్పుతో రెండున్నర మార్కుల తేడా!

కామారెడ్డి: 'రామారెడ్డి జనాభా కామారెడ్డి కంటే తక్కువ.' ఈ మాటలో తప్పు కనిపించిందా? మాట్లాడేటప్పుడు మనం ఇలాగే అంటాం. ఎదుటివాళ్లకు అర్థమవుతుంది కూడా. కానీ దీన్నే ఇంగ్లిష్‌లో 'ద పాపులేషన్ ఆఫ్ రామారెడ్డి ఈజ్ స్మాలర్ దాన్ కామారెడ్డి' అని రాస్తే మాత్రం పరీక్షలో తప్పే.

ఎందుకంటే ఒకవైపు జనాభా ఉంది, మరోవైపు ఊరు ఉంది. జనాభాను జనాభాతోనే పోల్చాలి. అందుకే 'స్మాలర్ దాన్ దట్ ఆఫ్ కామారెడ్డి' అని రాయాలి. ఇక్కడ 'దట్' అంటే జనాభా అనే అర్థం. రోడ్లు, స్కూళ్లు లాంటి బహువచనం వస్తే 'దట్' బదులు 'దోజ్' వాడాలి. ఇలా రెండు వైపులా ఒకే రకం మాట ఉండటాన్నే పారలల్ స్ట్రక్చర్ అంటారు.

మార్కులు ఎలా పోతాయంటే..

ఎస్ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో ఇంగ్లిష్ ప్రశ్నలు 25. ఒక్కోదానికి 2 మార్కులు. తప్పు రాస్తే ఆ 2 మార్కులు రాకపోగా, ఇంకో అర మార్కు కోత పడుతుంది. వాక్యంలో తప్పు పట్టుకోమనే ప్రశ్నల్లో ఈ రకం తరచూ అడుగుతారు. తెలుగు అలవాటుతో చదివితే వాక్యం బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. చాలామంది 'తప్పు లేదు' అని పెట్టేసేది అందుకే. 'దాన్' కనిపించగానే ఆగండి. దానికి అటూ ఇటూ దేన్ని పోలుస్తున్నారో చూడండి.

లిస్టు రాసేటప్పుడూ ఇదే సూత్రం

ఇది తెలుగుకూ వర్తిస్తుంది. ప్రజావాణిలో ఇచ్చే అర్జీలో ఇలా రాశారనుకోండి: 'మా ఊరికి రోడ్డు మరమ్మతు, బస్సు, వీధి దీపాలు వెలగాలి.' చివరి మాట దీపాలకు ఒక్కటే సరిపోయింది. రోడ్డు వెలగదు కదా! పైగా బస్సు కొత్తగా కావాలా, ఉన్న బస్సు టైమ్ మార్చాలా? చదివే అధికారికి తెలియదు.

ఇప్పుడు ఇది చూడండి: 'మా ఊరి రోడ్డు బాగు చేయాలి, ఉదయం ఒక బస్సు నడపాలి, వీధి దీపాలు వేయాలి.' మూడూ 'చేయాలి, నడపాలి, వేయాలి' అని ఒకే తీరులో ముగిశాయి. ఏ పని ఎవరికి పంపాలో అధికారికి వెంటనే తెలుస్తుంది.

ఇలా చెక్ చేసుకోండి

లిస్టుకు ముందున్న మాటను ఒక్కో అంశంతో విడివిడిగా కలిపి చదవండి. 'షీ లైక్స్ రీడింగ్, రైటింగ్ అండ్ టు సింగ్' తీసుకోండి. 'షీ లైక్స్ టు సింగ్' విడిగా సరైనదే. కానీ మిగతా రెండూ 'ఇంగ్'తో ఉన్నాయి కాబట్టి ఇదీ 'సింగింగ్' కావాలి. అంటే అతకడం ఒక్కటే చాలదు, తీరు కూడా కలవాలి.

అయితే కలవని విషయాన్ని బలవంతంగా లిస్టులో ఇరికించొద్దు. అర్జీలో 'పోయిన నెల కూడా చెప్పాం' అని రాయాలనుకుంటే అది డిమాండ్ కాదు. దానికి వేరే వాక్యం పెట్టండి.