ఇంటిగ్రేషన్ బిట్: ఆప్షన్ నుంచి వెనక్కి నడవడం

ముమ్మిడివరం నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క విషయం చెప్తాను. ఈఏపీసెట్‌లో ఇంటిగ్రేషన్, లిమిట్స్ బిట్లు వచ్చినప్పుడు ఇచ్చిన ఆప్షన్‌తోనే ఆన్సర్‌ని ఎలా సరిచూసుకోవాలి, ఆ సరిచూడటం ఎక్కడ పని చేస్తుంది, ఎక్కడ మనల్ని ముంచేస్తుంది అన్నది.

మనలో చాలామంది అమలాపురం కాలేజీకి బస్సులో వెళ్తూ ఫోన్‌లో పాత పేపర్ల పీడీఎఫ్‌లు తిరగేస్తుంటారు. అవి ఎక్కడో స్కాన్ చేసినవి. x మీద ఉన్న చిన్న 2 ఆవగింజంత ఉంటుంది. బ్రాకెట్ మీద ఉన్న ఘాతమైతే అసలు కనపడదు. లెక్క వచ్చినా చూపు తప్పితే మార్కు పోయినట్టే కదండీ. ఇప్పుడు చెప్పే పద్ధతిని సరిగ్గా వాడితే, లెక్క తప్పునే కాదు, చాలాసార్లు చూపు తప్పును కూడా పట్టిస్తుంది.

ముందు అసలు సూత్రం. ఇంటిగ్రేషన్ చేయడం కష్టం, డిఫరెన్షియేషన్ చేయడం సులువు. ఇంటిగ్రేషన్‌కి ఏ పద్ధతి వాడాలో ఆలోచించాలి, ఒక్కోసారి ఎంతసేపటికీ తట్టదు. డిఫరెన్షియేషన్‌కి రూల్ ఉంది, పెట్టుకుంటూ పోవడమే. కాబట్టి ఆన్సర్లు నాలుగూ ముందే ఇచ్చినప్పుడు ప్రశ్న నుంచి ముందుకు వెళ్లక్కర్లేదు, ఆప్షన్ నుంచి వెనక్కి రావచ్చు. ఏ ఆప్షన్‌ని డిఫరెన్షియేట్ చేస్తే ఇంటిగ్రల్ గుర్తు లోపల ఉన్నది తిరిగి వస్తుందో అదే ఆన్సర్.

ఒక లెక్క చూద్దాం. సెకండ్ ఇయర్ వాళ్లందరికీ తెలిసినదే.

∫ x eˣ / (1+x)² dx

ఆప్షన్లు ఇలా ఉన్నాయనుకోండి (కాన్‌స్టెంట్ c అన్నిట్లో ఉంది, వదిలేస్తున్నాను):

A) eˣ/(1+x)
B) eˣ/(1+x)²
C) x eˣ/(1+x)
D) −eˣ/(1+x)

A ని తీసుకుని భాగహార సూత్రం వేయండి. పైన eˣ(1+x) − eˣ వస్తుంది, కింద (1+x)² వస్తుంది. పైన eˣ, −eˣ కొట్టేసుకుపోతే x eˣ మిగిలింది. అదే మన ప్రశ్న. A కరెక్ట్, పని అయిపోయింది.

కానీ ఎప్పుడూ A యే ఆన్సర్ అవదు కదా. నాలుగూ పూర్తిగా డిఫరెన్షియేట్ చేసి సింప్లిఫై చేస్తూ కూర్చుంటే టైమ్ ఎక్కడిది? ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్‌లో 180 నిమిషాలకి 160 ప్రశ్నలు, అందులో 80 మ్యాథ్సే. బిట్‌కి సగటున నిమిషం పైన కొద్ది సెకండ్లు. అందుకే ఇంకో మెట్టు దిగుదాం. డిఫరెన్షియేట్ చేశాక సింప్లిఫై చేయకుండా, x కి ఒక విలువ వేసేయండి. ప్రశ్నలో కూడా అదే విలువ వేయండి. రెండూ సమానం కాని ఆప్షన్‌ని కొట్టేయండి.

సరే, ఏ విలువ వేయాలి? అందరి చెయ్యీ సున్నా మీదకే వెళ్తుంది. వేసి చూద్దాం. x = 0 అయితే ప్రశ్న విలువ 0. A డెరివేటివ్ 0. B డెరివేటివ్ 1 − 2, అంటే −1. C డెరివేటివ్ 1. D డెరివేటివ్ 0. B, C పోయాయి. A, D రెండూ మిగిలిపోయాయి. వాటి మధ్య తేడా మైనస్ గుర్తు ఒక్కటే, సున్నాకి ప్లస్ అయినా మైనస్ అయినా ఒకటే కదా. అందుకని ప్రశ్న విలువ సున్నా అయిపోయే చోటు ఎంచుకుంటే, గుర్తు తేడా ఎప్పటికీ దొరకదు.

ఇప్పుడు x = 1 వేయండి. ప్రశ్న విలువ e/4. A డెరివేటివ్ e/4. B ది 0. C ది 3e/4. D ది −e/4. ఒక్క A మాత్రమే సరిపోయింది. నాలుగింటిలో ఒకటే కరెక్ట్ అని పేపర్ చెప్తోంది, మిగతా మూడూ తప్పని మనం తేల్చాం, కాబట్టి ఆన్సర్ అదే. ఇక్కడ e విలువ 2.718 అని వేసి గుణించక్కర్లేదు, e ని e లాగే ఉంచి పోల్చండి.

ఇప్పుడు చిన్న అచ్చు సంగతికి వద్దాం. ఫోన్‌లో చూస్తున్నప్పుడు బ్రాకెట్ మీద 2 కనపడలేదనుకోండి. మీరు ∫ x eˣ/(1+x) dx అని చదివారు. మామూలుగా ఇంటిగ్రేట్ చేద్దామని కూర్చుంటే ఇక తేలదు, ఎందుకంటే దానికి మనకి తెలిసిన ఫంక్షన్లలో ఆన్సరే లేదు. అరగంట పోయినా మీకు వచ్చేది అనుమానం ఒక్కటే, నాకు లెక్కలు రావేమో అని.

అదే వెనక్కి నడిస్తే ఏమవుతుందో చూడండి. x = 1 దగ్గర మీరు చదివిన ప్రశ్న విలువ e/2. ఆప్షన్ల డెరివేటివ్‌లు e/4, 0, 3e/4, −e/4. ఏదీ సరిపోలేదు! నాలుగూ ఫెయిలైతే ముందు అనుమానించాల్సింది మీ లెక్కని కాదు, మీ చూపుని. జూమ్ చేసి ఘాతాలు, గుర్తులు, బ్రాకెట్ ఎక్కడ ముగిసిందో మళ్లీ చూడండి. అప్పుడు 2 కనపడుతుంది. x = 0 వేసి ఉంటే మాత్రం ఈ సంగతి బయటపడేది కాదు. కింద ఏమున్నా పైన x సున్నా కాబట్టి మొత్తం సున్నాయే, A, D రెండూ ఏమీ ఎరగనట్టు సరిపోయేవి.

అలాగని 1 కూడా అన్నిచోట్లా మంచిది కాదు. 1 స్క్వేర్ 1, 1 క్యూబ్ 1. x² ని x³ అని చదివినా x = 1 వేస్తే తేడా తెలీదు. x మీద నేరుగా చిన్న ఘాతం ఉండి, అది మసగ్గా ఉంటే x = 2 వేయండి, 4 కీ 8 కీ తేడా దాగదు. గుర్తుంచుకోవాల్సింది ఇంతే: మీరు వేసే విలువ, ప్రశ్నలో ఉన్న ప్రతి చిన్న గుర్తుకీ తేడా తెలిసేలా ఉండాలి.

ఇంకో చోట కూడా జారిపోతారు. మీరు సొంతంగా ఇంటిగ్రేట్ చేశారు, ఆన్సర్ వచ్చింది, ఆప్షన్లలో లేదు. ఉదాహరణకి ∫ sin 2x dx కి మీకు −(cos 2x)/2 వచ్చింది, ఆప్షన్లలో sin²x ఉంది. x = 0 వేసి చూస్తే మీది −1/2, వాళ్లది 0. తప్పేమో అనుకోకండి. ఈ రెండిటికీ తేడా ఎక్కడ చూసినా 1/2 యే, ఆ తేడాని c మింగేస్తుంది. sin²x ని డిఫరెన్షియేట్ చేయండి, 2 sin x cos x, అంటే sin 2x వస్తుంది. కాబట్టి ఆప్షన్ విలువని మీ ఆన్సర్ విలువతో పోల్చకూడదు. డెరివేటివ్‌ని ప్రశ్నతో పోల్చాలి.

ఇక లిమిట్స్. ఇక్కడ ఆప్షన్లు ఉత్త నంబర్లు, డిఫరెన్షియేట్ చేయడానికి ఏమీ లేదు. x సున్నాకి వెళ్తుంటే సున్నాకి దగ్గర విలువ, 0.1 లాంటిది, ప్రశ్నలో వేసి ఏ ఆప్షన్‌కి దగ్గరగా వస్తుందో చూస్తాం.

lim x→0 (1 − cos 2x)/x²

x = 0.1 వేస్తే cos 0.2 సుమారు 0.98007. ఒకటిలోంచి తీసేసి 0.01 తో భాగిస్తే 1.993. ఆన్సర్ 2. ఇంట్లో ఫోన్ క్యాలిక్యులేటర్‌తో చేసేటప్పుడు RAD అని ఉందో లేదో చూసుకోండి. DEG లో ఉంటే 0.0006 అని వస్తుంది, లిమిట్ సున్నా అనుకుని మోసపోతారు. పరీక్షలో క్యాలిక్యులేటర్ ఉండదు కాబట్టి, చిన్న కోణానికి cos θ సుమారు 1 − θ²/2 అని గుర్తుంచుకోండి. θ బదులు 2x పెడితే పైన 2x² వస్తుంది, x² తో భాగిస్తే 2.

అయితే ఇక్కడో ప్రమాదం ఉంది. అదే ప్రశ్నని 1 − cos²x అని చదివారనుకోండి. 0.1 వేస్తే 0.997 వస్తుంది, అంటే ఆన్సర్ 1. ఆప్షన్లలో 1 కూడా ఉంటుంది! ఇంటిగ్రేషన్‌లో తప్పుగా చదివితే నాలుగూ ఫెయిలై మనకి హెచ్చరిక వచ్చింది. లిమిట్స్‌లో ఆ హెచ్చరిక రాదు. తప్పు ప్రశ్నకి కరెక్ట్ ఆన్సర్ తెచ్చుకుని సంతోషంగా ముందుకెళ్లిపోతాం. అందుకే లిమిట్ బిట్లో ముందు 2 ఎక్కడుందో చూడండి. cos పక్కన పైన ఉంటే వర్గం, x కి ముందు అదే లైన్లో ఉంటే కోణం. రఫ్ పేపర్ మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాకే విలువ వేయండి.

ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి రెండు ఆప్షన్లు కొట్టేసి మిగతా రెండిట్లో ఒకటి పెట్టినా నష్టం లేదు. జేఈఈ మెయిన్‌లో మాత్రం తప్పుకి ఒక మార్కు పోతుంది. పైగా అక్కడ ఆన్సర్ మీరే టైప్ చేయాల్సిన ప్రశ్నలు ఉంటాయి, ఆప్షన్లే లేనప్పుడు వెనక్కి నడవడానికి దారి లేదు. కాబట్టి పద్ధతులు నేర్చుకోవడం మానకండి.

మీకో లెక్క ఇచ్చి వెళ్తాను.

∫ dx / (x(xⁿ+1))

A) (1/n) log |xⁿ/(xⁿ+1)|
B) n log |xⁿ/(xⁿ+1)|
C) (1/n) log |(xⁿ+1)/xⁿ|
D) log |xⁿ/(xⁿ+1)|

ముందు n = 1, x = 1 వేసి చూడండి. ప్రశ్న విలువ 1/2, మూడు ఆప్షన్లు సరిపోతాయి. ఎందుకో ఒక్క క్షణం ఆలోచించండి. తర్వాత n = 2 వేయండి. ఇక్కడ ఘాతం n అని స్పష్టంగా కనపడుతోంది కాబట్టి x = 1 నే ఉంచినా ఇబ్బంది లేదు. ప్రశ్న విలువ మళ్లీ 1/2. డెరివేటివ్‌లు A కి 1/2, B కి 2, C కి −1/2, D కి 1 వస్తే మీరు సరిగ్గా చేసినట్టే. ఉంటానండీ.