తప్పిపోయిన 16 మిల్లీగ్రాముల రాగి!

మీకు తెలుసా? రాగి పూత ప్రయోగంలో రేకు మీద ఎంత రాగి చేరుతుందో స్విచ్ వేయకముందే మిల్లీగ్రాములతో సహా చెప్పేయొచ్చు! ఎంత కరెంటు, ఎంతసేపు అన్న రెండు సంగతులు తెలిస్తే చాలు. గిన్నె ఎంత పెద్దదో, రేకుల మధ్య ఎంత ఎడం ఉందో, బ్యాటరీ ఎన్ని వోల్టులదో లెక్కకు అక్కర్లేదు.

ఈ గుట్టు విప్పినవాడు మైకేల్ ఫారడే. కమ్మరి ఇంట పుట్టి, పుస్తకాలకు బైండింగ్ చేసే దుకాణంలో పని నేర్చుకున్న కుర్రాడు. తన విద్యుద్విశ్లేషణ నియమాలను 1834లో అచ్చువేయించాడు. మరి ఎలక్ట్రాన్ సంగతి బయటపడింది ఎప్పుడో మీకు తెలుసా? 1897లో! అప్పటికి ఫారడే పోయి 30 ఏళ్లు. ఎలక్ట్రాన్ అనేది ఒకటుందని తెలియకుండానే వాటి పద్దు రాసేశాడన్నమాట!

మొదటి నియమం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఎంత విద్యుదావేశం పారితే అంత లోహం చేరుతుంది. రెట్టింపు పారితే రెట్టింపు చేరుతుంది. బేరాల్లేవు!

రండి, ఒక ప్రయోగం లెక్క వేద్దాం. మన రైతులు బోర్డో మిశ్రమంలో కలిపే మైలుతుత్తమే ఇక్కడా కావాలి. దాన్ని నీళ్లలో కరిగించి, కొద్దిగా సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి (ఎప్పుడూ నీళ్లలోకే ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు కాదు), రెండు రాగి రేకులు ముంచాలి. బ్యాటరీ ధనధ్రువానికి కలిపిన రేకు ఆనోడ్, అది కరుగుతుంది. రుణధ్రువానికి కలిపినది కాథోడ్, దాని మీద పూత పడుతుంది. అర ఆంపియర్ కరెంటును 40 నిమిషాలు పోనిద్దాం. అంటే 2400 సెకన్లు, మొత్తం 1200 కూలుంబులు.

ఫారడే లెక్క ఇది:

m = Q × M / (n × F)

Q మన 1200 కూలుంబులు. M రాగి పరమాణు భారం, 63.55. ఒక్కో రాగి అయానుకు రెండు ఎలక్ట్రాన్లు కావాలి కాబట్టి n విలువ 2. F అంటే ఫారడే స్థిరాంకం, 96,485. గుణించి భాగిస్తే 0.395 గ్రాములు. ఇంతకీ ఈ 40 నిమిషాల్లో తీగలో ఎన్ని ఎలక్ట్రాన్లు పోయాయో తెలుసా? 75 రాసి పక్కన 20 సున్నాలు పెట్టుకోండి. కాగితం చాలకపోతే నన్ననకండి!

ఇంత హడావిడి చేసిన ఆ పూత మందమెంతో మీకు తెలుసా? కాథోడ్ వెడల్పు 4, మునిగిన లోతు 5 సెంటీమీటర్లు అనుకుంటే, రెండు వైపులా కలిపి 40 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 0.395 గ్రాముల రాగి సమంగా పరుచుకుంటే మందం 11 మైక్రాన్లు. తల వెంట్రుక దీనికంటే ఎన్నో రెట్లు లావు!

ఇప్పుడు అసలు కథ. కడిగి, ఆరబెట్టి, తూచితే కాథోడ్ పెరిగింది 0.379 గ్రాములే అనుకుందాం. రావలసినదాంట్లో వచ్చినది ఎంత శాతమో అదే కరెంటు దక్షత. ఇక్కడ 96 శాతం. మిగతా 16 మిల్లీగ్రాముల రాగి ఏమైంది? దొంగను పట్టుకుందాం రండి!

మొదటి అనుమానం ఎప్పుడూ హైడ్రోజన్ మీదే. కొన్ని ఎలక్ట్రాన్లు రాగికి కాకుండా ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లకు చిక్కి ఉంటాయని చాలామంది రికార్డులో రాసేస్తారు. మీకు తెలుసా? 16 మిల్లీగ్రాముల రాగికి బదులు హైడ్రోజనే పుట్టి ఉంటే, అది సుమారు 6 మిల్లీలీటర్ల వాయువు! అన్ని బుడగలు కంటికి కనపడకుండా పోతాయా? కాథోడ్ మీద బుడగలే లేకపోతే హైడ్రోజన్ నిర్దోషి. విడుదల చేసేయండి!

నిజానికి రాగి ఉన్నచోట హైడ్రోజన్‌కు మామూలుగా వంతు రాదు. ఎలక్ట్రాన్లను అందుకోవడంలో రాగి అయాన్లదే పైచేయి. కరెంటు మరీ పెంచితే రేకు పక్కనున్న రాగి అయాన్లు వచ్చినవి వచ్చినట్టే అయిపోయి, కొత్తవి చేరేలోపు హైడ్రోజన్ దూరుతుంది. అప్పుడు పూత గులాబీ రంగులో నున్నగా ఉండదు. గోధుమ రంగుకు తిరిగి, గరుకెక్కి, వేలితో రుద్దితే పొడిలా రాలుతుంది. కడిగినప్పుడు ఆ పొడి కాస్తా తొట్టిపాలు! మన ప్రయోగంలో చదరపు సెంటీమీటరుకు 12.5 మిల్లీఆంపియర్లే కాబట్టి, ద్రావణాన్ని కలుపుతూ ఉంటే ఆ భయం తక్కువ.

అయితే కరెంటు బాగా తగ్గించేస్తే సరిపోతుందా? అక్కడే ఉంది మెలిక! పూత పడుతున్న రాగిని ద్రావణం మెల్లగా తిరిగి తినేస్తుందని మీకు తెలుసా? రాగి రేకూ, ద్రావణంలోని రాగి అయానూ కలిసి ఒంటి ఆవేశం ఉన్న రాగి అయాన్లు పుడతాయి. గాలి నుంచి కరిగిన ఆక్సిజన్ వాటిని పట్టుకుపోతుంది. మళ్లీ కొన్ని పుడతాయి. ఇది కరెంటుతో నిమిత్తం లేకుండా గంటల లెక్కన సాగే దోపిడీ. తక్కువ కరెంటుతో ఎక్కువసేపు నడిపితే పడే రాగి తక్కువ, పోయే వాటా ఎక్కువ. అందుకే రాగి కూలుంబ్ మాపకాల్లో కాస్త ఆల్కహాల్ కలిపే అలవాటుంది. అది ఈ ఆక్సీకరణకు అడ్డుపడుతుంది. మత్తు ద్రావణానికి, మెలకువ తూకానికి!

తర్వాతి ముద్దాయి అమ్మీటర్. ఇదే నాకు అన్నిటికంటే ఇష్టమైన అనుమానం, ఎందుకంటే దీన్ని ఎవరూ అనుమానించరు! 1 ఆంపియర్ దాకా చూపే మీటరు పూర్తి స్కేలులో 2 శాతం తప్పు చూపవచ్చనుకోండి. అంటే 0.02 ఆంపియర్. అర ఆంపియర్ దగ్గర అది ఏకంగా 4 శాతం! ముల్లు 0.50 చూపుతున్నా నిజంగా పారింది 0.48 అయితే, ఫారడే లెక్క ప్రకారం రావలసిన రాగి ఎంతో తెలుసా? 0.379 గ్రాములు. అచ్చంగా మనకు వచ్చినంత! అసలు దొంగతనమే జరగలేదు!

పైగా కరెంటు ఒకచోట నిలవదు. ద్రావణం వేడెక్కితే నిరోధం తగ్గి కరెంటు పెరుగుతుంది. మొదట్లో ఒకసారి చూసి 0.5 అని రాసుకుని టీకి వెళ్తే, ఫారడే ఏంచేస్తాడు పాపం? నిమిషానికోసారి చూడండి, రియోస్టాట్‌తో సర్దండి.

మరి 100 శాతం దాటిన దక్షత ఎప్పుడైనా విన్నారా? సులువు! రేకును సరిగా ఆరబెట్టకండి, వచ్చేస్తుంది. ఒక్క నీటి చుక్క సుమారు 50 మిల్లీగ్రాములు, మనం వెతుకుతున్న రాగికి మూడు రెట్లు. అది రేకు మీదే ఉండిపోతే మన 96 శాతం కాస్తా 108 దాటిపోతుంది! త్వరగా ఆరాలని మంట మీద పెడితే రాగి నల్లబడి ఆక్సైడ్ అవుతుంది, అదీ బరువు పెంచుతుంది. స్వేదనజలంతో మెల్లగా కడిగి, ఆపైన ఆల్కహాల్‌లో ముంచి, గాలికి ఆరనివ్వడమే మార్గం.

ఇనుప చెంచాకు రాగి పూత వేస్తే? మీకు తెలుసా, బ్యాటరీ తీగ కలపకముందే చెంచా ఎర్రబడిపోతుంది! ఇనుము తాను కరిగి రాగిని బయటికి నెట్టేస్తుంది. ఒక ఇనుప పరమాణువు పోయి, దాని చోట కాస్త బరువైన రాగి పరమాణువు చేరుతుంది. కరెంటు ప్రమేయం లేకుండానే బరువు మారితే ఇక ఫారడే లెక్క ఎక్కడ కుదురుతుంది? పైగా ఆ పూత గోకితే ఊడిపోయే రకం. అందుకే ప్రయోగానికి రాగి రేకే మేలు.

ఆనోడ్‌ను కూడా తూచారా? అది కాథోడ్ పెరిగినదాని కంటే ఎక్కువే తగ్గుతుంది! అక్కడ కొంత రాగి ఒంటి ఆవేశంతో బయటపడి, రెండేసి అయాన్లు కలిసి ఒకటి మామూలు రాగి అయానుగా, మరొకటి సన్నటి రాగి పొడిగా విడిపోతాయి. ఆ ఎర్రటి పొడి అడుగున చేరుతుంది. రాగిని శుద్ధి చేసే ఫ్యాక్టరీల్లో ఆనోడ్ అడుగున పేరుకునే మడ్డిలో ఏముంటాయో తెలుసా? వెండి, బంగారం! ఆ మడ్డిని ఎవరూ పారబోయరు!

ఇక ఫారడే రెండో నియమం. ఒకే కరెంటును వెండి ద్రావణంలోంచి, రాగి ద్రావణంలోంచి వరసగా పంపితే 1 గ్రాము రాగికి దాదాపు 3.4 గ్రాముల వెండి చేరుతుంది. వెండి పరమాణువు బరువైనది, పైగా దానికి ఒక్క ఎలక్ట్రాన్ చాలు. ఈ తూకం ఎంత నమ్మకమైనదంటే, 1908లో లండన్‌లో ఆంపియర్‌కు దీంతోనే నిర్వచనం ఇచ్చారు! సెకనుకు 1.118 మిల్లీగ్రాముల వెండిని పేర్చే కరెంటే అంతర్జాతీయ ఆంపియర్. కరెంటును త్రాసులో తూచారంటే నమ్ముతారా!

ఇదే కిటుకు మన 16 మిల్లీగ్రాముల కేసుకూ పనికొస్తుంది. అదే వలయంలో మరో రాగి గిన్నెను వరసలో కలపండి. రెండింటిలోనూ పారేది ఒకే కరెంటు కాబట్టి రెండు కాథోడ్లూ సమంగా పెరగాలి. రెండూ 0.379 దగ్గరే ఆగాయా? ముందుగా వేలు అమ్మీటర్ వైపు చూపించండి. రెండూ తేడాగా ఉన్నాయా? తప్పు గిన్నెలోనో, కడగడంలోనో, తూకంలోనో ఉంది.

సరే, 96 శాతమే తక్కువని బాధపడుతున్నారా? బైకు భాగాలను తళతళలాడించే సంప్రదాయ క్రోమియం పూతలో కరెంటు దక్షత ఎంతో మీకు తెలుసా? 10 నుంచి 20 శాతం! మిగతా కరెంటులో చాలా భాగం హైడ్రోజన్ బుడగల పాలే.

కాబట్టి విద్యార్థులారా, రికార్డులో 0.395 అని దిద్ది రాయకండి. త్రాసు చూపిన 0.379నే రాయండి. పక్కనే బుడగలు కనిపించాయో లేదో, పొడి రాలిందో లేదో, అమ్మీటర్ ఎంత తప్పు చూపగలదో కూడా రాయండి.