ఎవరి కబురు వారి పేరు కిందే

పెళ్ళి సంబంధాలు చూసే రోజుల్లో ఒకే నెలలో నలుగురైదుగురితో ఫోన్‌లో మాట్లాడాల్సి వస్తుంది. అందరితోనూ దాదాపు అవే మాటలు: చదువు, ఉద్యోగం, ఇంట్లోవాళ్ళు, ఇష్టాలు. వారం తిరిగేసరికి పరీక్ష ఎవరిదో, అక్క పెళ్ళి ఎవరింట్లోనో కలగాపులగం అయిపోతుంది. ఒకే రకం సంగతులు వరుసగా వింటే ఒకదాని జ్ఞాపకం మరోదానికి అడ్డుపడుతుంది. లేని అక్క పెళ్ళి గురించి అడిగితే, మన మనసు ఇంకెక్కడో ఉందని అవతలివారికి ఇట్టే తెలిసిపోతుంది.

కొత్తగా నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే జారిపోతుందని జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హౌస్ 1885లో తన మీద తానే చేసుకున్న ప్రయోగాలతో చూపించాడు. అందుకే రాత్రికి రాసుకుందాంలే అనుకోకుండా, ఫోన్ పెట్టేసిన వెంటనే రాసుకోవాలి. చాలా ఫోన్లలో పేరు, నంబరు దాచుకునే చోటే నోట్స్ అనే గడి ఉంటుంది. ఎవరి కబురు వారి పేరు కిందే ఉంటే తారుమారయ్యే అవకాశం తక్కువ.

ఒక అమ్మాయితో మార్చి 9న మాట్లాడారనుకుందాం. ఇలా రాసుకుంటే చాలు: "మార్చి 9. బ్యాంకు పరీక్ష ఏప్రిల్ 6. అక్క పెళ్ళి ఏప్రిల్ 19 రాత్రి, ముహూర్తం తెల్లవారితే 20, 2:40కి. అడగాల్సింది: పరీక్ష ఎలా రాశారు?"

"వచ్చే నెల పరీక్ష" అని రాస్తే, నెల మారాక ఆ మాటకు అర్థమే మారిపోతుంది. అందుకే తేదీ వేయాలి. అర్ధరాత్రి దాటాక ఉండే ముహూర్తాల దగ్గర మరీ జాగ్రత్త. "శనివారం రాత్రి పెళ్ళి" అంటే క్యాలెండర్‌లో అప్పటికి ఆదివారం వచ్చేసి ఉంటుంది. మాట్లాడిన తేదీ కూడా వేస్తే, ఆ కబురు ఎంత పాతదో తెలుస్తుంది. పరీక్షలు వాయిదా పడుతుంటాయి కాబట్టి పాత కబురైతే "ఏప్రిల్ 6నే కదండీ?" అని ఒకసారి అడగడం మేలు.

ఏప్రిల్ 5కి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని, ఆ రోజు చిన్న మెసేజ్ పంపితే సరిపోతుంది. పరీక్ష ముందురోజు ఫోన్ చేసి కూర్చోబెట్టకూడదు. పెళ్ళి కబుర్లు కూడా ఆ హడావుడి సద్దుమణిగాక అడిగితేనే ఆమె తీరిగ్గా చెప్పగలుగుతుంది. మాట్లాడే ముందు నోట్సు ఒకసారి చూసుకుని మూసేయాలి. చూస్తూ మాట్లాడితే పలకరింపు కాస్తా విచారణలా తోస్తుంది.

జబ్బులు, అప్పులు, ఇంటి గొడవల గురించి నమ్మి చెప్పినవి రాయకూడదు. నోట్సు ఫోన్‌లోనే ఉండిపోతుందనుకోవద్దు. ఇంట్లో నలుగురూ ఒకే ఖాతా వాడుతుంటే అది మిగతా ఫోన్లలోనూ కనిపించవచ్చు. రంగుకీ రూపానికీ మార్కులు వేసుకోవడం అసలే తగదు. ఆమె చదివినా నొచ్చుకోని మాటలే అక్కడ ఉండాలి. సంబంధం కుదరలేదని ఇరువైపులా చెప్పుకున్న రోజే ఆ నోట్సు చెరిపేయాలి.