పుట్టుక పత్రం, ఇన్‌వాయిస్: మిర్చి లోడు ఓడరేవులో ఆగకుండా

సరుకు ఏ దేశంలో పుట్టిందో ధ్రువీకరించే కాగితమే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్. ఇందులో రెండు రకాలున్నాయి. మామూలు రకం సరుకు భారత్‌దని మాత్రమే చెబుతుంది. దీన్ని వాణిజ్య మండళ్లు ఇస్తాయి. రెండో రకం వాణిజ్య ఒప్పందం కింద దిగుమతిదారుకు సుంకం తగ్గించేది. గుంటూరు నుంచి మలేసియాకు ఎండుమిర్చి పంపితే వాడుకోగల ఒప్పందాల్లో ఆసియాన్-భారత్ ఒప్పందం ఒకటి. 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఈ ఒప్పందం కింద ఇచ్చే పత్రాన్ని ఫారం ఏఐ అంటారు. మిర్చికి దీన్ని ఇచ్చేది ఎగుమతి తనిఖీ సంస్థ. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. అయితే అక్కడ ఆ సరుకుపై మామూలు సుంకమే సున్నా అయితే ఈ శ్రమంతా వృథా. కాబట్టి ముందు ఆ సంగతి కొనుగోలుదారునే అడగడం మేలు.

పత్రం దొరకడం పెద్ద కష్టం కాదు. ఇక్కడి పొలాల్లో పండిన మిర్చి పూర్తిగా భారత్‌లో పుట్టిన సరుకే. దాన్ని రుజువు చేయడానికి యార్డు కొనుగోలు బిల్లులు దాచుకుంటే చాలు. చిక్కంతా పత్రంలోని వివరాలు ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు, బిల్ ఆఫ్ లేడింగ్‌లతో కలవకపోవడంలోనే ఉంది.

ఒక ఊహా లావాదేవీ చూద్దాం. కిలో 2.20 డాలర్ల చొప్పున, రవాణా, బీమా కలిపిన సీఐఎఫ్ ధరకు, 25 కిలోల సంచులు 500 పంపడానికి ఒప్పందం కుదిరింది. బరువు 12,500 కిలోలు, విలువ 27,500 డాలర్లు. ఎగుమతిదారు ముందురోజే ఇన్‌వాయిస్ తయారుచేసి పుట్టుక పత్రానికి దరఖాస్తు పెట్టేశాడు. తీరా లోడింగ్ నాడు 40 అడుగుల కంటైనర్‌లో 496 సంచులే పట్టాయి. మిర్చి తేలిక సరుకు, బరువు కన్నా ముందు చోటు నిండిపోతుంది. ఇప్పుడు అసలు లెక్క 12,400 కిలోలు, 27,280 డాలర్లు. ఖాళీ సంచి 150 గ్రాములనుకుంటే సంచులతో కలిపి 12,474.4 కిలోలు. ప్యాకింగ్ లిస్టులో ఒక లెక్క, బిల్ ఆఫ్ లేడింగ్‌లో మరో లెక్క ఉంటే అవతలి కస్టమ్స్ అధికారి కంటైనర్ తెరిపించి లెక్కపెట్టిస్తే తప్పు పట్టలేం. షిప్పింగ్ బిల్లు అప్పటికే దాఖలై ఉంటే కస్టమ్స్ చట్టం 149వ సెక్షన్ కింద సవరణ కోరాలి. అందుకే లోడింగ్ ముగిశాకే తుది ఇన్‌వాయిస్, దాన్నిబట్టి పుట్టుక పత్రం తీసుకోవడం నయం.

విలువ దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. ఫారం ఏఐలో రాయాల్సింది ఎఫ్‌ఓబీ విలువ, అంటే సరుకు ఓడ ఎక్కేవరకు అయిన ధర. రవాణా 1,400, బీమా 100 డాలర్లు అనుకుంటే 27,280లో నుంచి 1,500 తీసేయగా 25,780 వస్తుంది. షిప్పింగ్ బిల్లులోనూ ఎఫ్‌ఓబీ ఇదే ఉండాలి. ఇన్‌వాయిస్‌లో సీఐఎఫ్ మొత్తం ఒక్కటే వేస్తే ఈ రెండంకెలకు పొంతన ఎక్కడుందో చదివేవారికి తెలియదు. రవాణా, బీమా ఖర్చులను అందులోనే విడిగా చూపితే సరిపోతుంది.

ఇక సరుకు పేరు. యార్డులో ‘తేజ, ఇన్ని టిక్కీలు’ అంటే అందరికీ అర్థమవుతుంది గానీ కస్టమ్స్‌కు అది చాలదు. ‘తొడిమ తీసిన ఎండుమిర్చి, తేజ రకం’ అని ఇంగ్లిష్‌లో రాసి, అన్ని కాగితాల్లోనూ అవే మాటలు వాడాలి. హెచ్‌ఎస్ కోడ్ మొదటి ఆరంకెలు అన్ని దేశాలకూ ఉమ్మడి. పొడి చేయని ఎండుమిర్చికి 0904.21, కారానికి 0904.22. చివరి ఒక్క అంకె తేడాతో సరుకే మారిపోతుంది.

కొన్నిసార్లు సరుకు మలేసియాకు వెళ్తుంది, బిల్లు మాత్రం సింగపూర్ వ్యాపారి వేస్తాడు. అప్పుడు అక్కడి కస్టమ్స్ చేతికొచ్చే ఇన్‌వాయిస్ గుంటూరుది కాదు. ఒప్పందం దీన్ని అనుమతిస్తుంది. కాకపోతే ఫారంలో మూడో దేశం ఇన్‌వాయిస్ గడిలో టిక్ పెట్టి, ఆ సంస్థ పేరు, దేశం రాయాలి. టిక్ లేకపోతే ఇన్‌వాయిస్ నంబరే కలవడం లేదన్న ప్రశ్న తప్పదు.

చిన్న అక్షరదోషం దొర్లినంత మాత్రాన పత్రం చెల్లకుండా పోదు. అది నిజంగా వచ్చిన సరుకుదే అయితే అంగీకరించాలని ఒప్పందం నియమాలే చెబుతున్నాయి. బరువు, విలువ, కోడ్ తేడాలకు మాత్రం ఈ వెసులుబాటు దొరుకుతుందని నమ్ముకోకూడదు. పత్రాన్ని ఎగుమతి సమయంలో గానీ, ఓడ బయలుదేరిన మూడు పని దినాల్లో గానీ తీసుకోవాలి. సరైన కారణంతో ఆలస్యమైతే 12 నెలల లోపు వెనుక తేదీ వర్తింపుతో ఇస్తారు. దానిపై `ISSUED RETROACTIVELY` అని ఉందో లేదో చూసుకున్నాకే కొనుగోలుదారుకు పంపాలి.