పదిహేను కోట్ల కంపెనీ పన్నెండున్నర కోట్లకు ఎలా దిగుతుంది?

పెట్టుబడి ప్రతిపాదన రాసేటప్పుడు వ్యవస్థాపకుల కళ్లన్నీ ఒక్క అంకె మీదే ఉంటాయి. అదే వాల్యుయేషన్. ‘మా కంపెనీ విలువ 15 కోట్లు, మాకు 5 కోట్లు కావాలి’ అని రాస్తారు. ఇన్వెస్టర్ పెద్దగా బేరమాడకుండా సరేనంటే సంబరపడతారు. ఆ ‘సరే’ వెనకాల టర్మ్ షీట్‌లో ఇంకో వాక్యం ఉంటుంది. దాని ఖరీదు ఎంతో తెలియాలంటే క్యాప్ టేబుల్ ముందు పెట్టుకోవాల్సిందే.

క్యాప్ టేబుల్ అంటే కంపెనీలో ఎవరి పేరు మీద ఎన్ని షేర్లు ఉన్నాయో, అది మొత్తంలో ఎంత శాతమో చూపే పట్టిక. ఎక్సెల్‌లో ఒక్క షీటు చాలు. అయితే అందులో ఇప్పటికే జారీ అయిన షేర్లతోపాటు రేపు షేర్లుగా మారేవి కూడా ఉండాలి. కన్వర్టిబుల్ నోట్లు, ఉద్యోగులకు పక్కన పెట్టిన ఈసాప్ పూల్ అలాంటివే. ఇవన్నీ కలిపి వేసిన లెక్కను ఫుల్లీ డైల్యూటెడ్ అంటారు. ఇన్వెస్టర్ మాట్లాడే శాతాలన్నీ ఈ లెక్క ప్రకారమే.

ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. హైదరాబాద్‌లో ఇద్దరు స్నేహితులు మొదలుపెట్టారు. ఒకరికి 6,000 షేర్లు, మరొకరికి 4,000. మొదటి విడతలో ఒక ఏంజెల్ ఇన్వెస్టర్ కోటి రూపాయలు పెట్టారు. ఆ డబ్బు రాకముందు కంపెనీ విలువ, అంటే ప్రీ-మనీ, 4 కోట్లు. దాన్ని 10,000 షేర్లతో భాగిస్తే షేరు ధర 4,000 రూపాయలు. కోటికి 2,500 కొత్త షేర్లు జారీ అయ్యాయి. మొత్తం 12,500. ఏంజెల్‌కు 20 శాతం, స్నేహితులిద్దరికీ కలిపి 80 శాతం.

గమనించాల్సిందేమిటంటే, వీళ్ల షేర్లు ఒక్కటీ ఎక్కడికీ పోలేదు. అంతకుముందు ఉన్న 10,000 ఇప్పుడూ ఉన్నాయి. కొత్త షేర్లు పుట్టడం వల్ల శాతం తగ్గింది, అంతే. డైల్యూషన్ అంటే ఇదే. విలువ పెరుగుతుంటే శాతం తగ్గడం నష్టమేమీ కాదు.

రెండో విడతకు వద్దాం. ఒక వెంచర్ ఫండ్ 15 కోట్ల ప్రీ-మనీ మీద 5 కోట్లు పెడతానంది. డబ్బు వచ్చాక విలువ 20 కోట్లు, కాబట్టి ఫండ్‌కు 25 శాతం. స్నేహితులు మనసులో ఇలా లెక్క వేసుకున్నారు: మన 80 శాతంలో పావు వంతు పోతుంది, 60 మిగులుతుంది. షేరు ధర 12,000. తమ ప్రతిపాదనలోనూ అదే రాసుకున్నారు.

టర్మ్ షీట్‌లోని వాక్యం మాత్రం ఇంకోలా ఉంది. పెట్టుబడి తర్వాతి మొత్తం షేర్లలో 12.5 శాతం ఈసాప్ పూల్‌గా ఉండాలి, ఆ పూల్ ప్రీ-మనీ విలువలోనే కలిసి ఉండాలి. ఇప్పుడు లెక్క తలకిందులవుతుంది. ఫండ్‌కు 25, పూల్‌కు 12.5 పోతే పాతవాళ్లందరికీ మిగిలేది 62.5 శాతం. పాత షేర్లు 12,500 కాబట్టి మొత్తం 20,000 అవుతుంది. అందులో ఫండ్‌కు 5,000, పూల్‌కు 2,500. 20 కోట్లను 20,000తో భాగిస్తే షేరు ధర 10,000. స్నేహితులిద్దరి వాటా సరిగ్గా 50 శాతం.

షేరు 12,000 అనుకున్నది 10,000కు దిగింది. ఆ ధరకు పాత 12,500 షేర్ల విలువ 12.5 కోట్లు. అంటే కాగితం మీద 15 కోట్లన్న కంపెనీకి ఫండ్ నిజంగా కట్టిన విలువ పన్నెండున్నర కోట్లే. మిగతా రెండున్నర కోట్లు ఇంకా ఉద్యోగంలో చేరని మనుషుల కోసం పక్కన పెట్టిన షేర్లు. వాటి భారం పాతవాళ్ల మీదే పడింది, ఏంజెల్ కూడా అందులో భాగం పంచుకున్నారు. ఫండ్ వాటా మాత్రం చెక్కుచెదరలేదు.

అదే పూల్‌ను పెట్టుబడి వచ్చాక ఏర్పాటు చేస్తే అందరూ తగ్గుతారు. స్నేహితులకు 52.5 శాతం మిగిలేది, ఫండ్‌కు 22 శాతానికి కొంచెం తక్కువ వచ్చేది. ఫండ్‌లు దీనికి ఒప్పుకోవడం అరుదు. కాబట్టి పూల్ ఎటువైపు ఉండాలన్న దానికంటే ఎంత ఉండాలన్న దాని మీద బేరమాడటం మేలు. వచ్చే 18 నెలల్లో ఎవరెవరిని తీసుకుంటారో, ఒక్కొక్కరికి ఎంత ఇవ్వాల్సి వస్తుందో పేజీలో రాసి చూపండి. టెక్నాలజీ హెడ్‌కు ఇంత, సేల్స్ హెడ్‌కు ఇంత, ఇంజనీర్లందరికీ కలిపి ఇంత అని కూడితే 5 శాతం చాలనుకోండి. అప్పుడు స్నేహితులకు 56 శాతం ఉంటుంది, షేరు ధర 11,200. వాల్యుయేషన్ అంకెను ముట్టుకోకుండానే షేరుకు 1,200 రూపాయలు వెనక్కి వచ్చాయి. పెద్ద పూల్‌తో వచ్చే ఇంకో చిక్కు ఏమిటంటే, కంపెనీ అమ్ముడుపోయిన రోజున ఎవరికీ ఇవ్వని ఆప్షన్లు రద్దయితే అందరి వాటా పెరుగుతుంది. భారం మోసింది పాతవాళ్లు, లాభంలో ఫండ్‌కూ భాగం.

ఇక ఓటు సంగతి. శాతం, ఓటు ఒకటే అనుకుంటే పొరపాటు. పూల్‌లోని షేర్లు ఇంకా జారీ కాలేదు కాబట్టి వాటికి ఓటు ఉండదు. మన కంపెనీల చట్టం నిబంధనల ప్రకారం ఆప్షన్ ఇచ్చిన రోజుకూ అది ఉద్యోగికి దక్కే రోజుకూ మధ్య కనీసం ఏడాది గడవాలి. ఇక్కడ ఫండ్‌లు సాధారణంగా కంపల్సరీ కన్వర్టిబుల్ ప్రిఫరెన్స్ షేర్లు తీసుకుంటాయి. వాటిని మామూలు షేర్లుగా మారినట్టే లెక్కగట్టి ఓటు ఇవ్వాలని ఒప్పందంలోనూ ఆర్టికల్స్‌లోనూ రాయించుకుంటాయి. అలా రాస్తే ఓటున్న షేర్లు 17,500, అందులో ఫండ్‌కు 5,000. అంటే 28.6 శాతం. స్పెషల్ రిజల్యూషన్ నెగ్గాలంటే వ్యతిరేక ఓట్లకు మూడింతలు అనుకూలంగా పడాలి. పట్టికలో 25 శాతమే కనిపించిన ఫండ్ ఒంటరిగా దాన్ని ఆపగలదు.

మూడో విడతలో ధర పడిపోతే? సగం ధరకు, అంటే షేరు 5,000 చొప్పున 2 కోట్లు తెచ్చారనుకుందాం. ఫండ్‌కు ఫుల్ రాట్చెట్ రక్షణ రాసిచ్చి ఉంటే, దాని 5 కోట్లనూ కొత్త ధరకే లెక్కగట్టి 5,000 షేర్లకు బదులు 10,000 ఇవ్వాలి. స్నేహితుల వాటా 34.5 శాతానికి జారుతుంది. వెయిటెడ్ యావరేజ్ పద్ధతి, అదీ మొత్తం షేర్లను లెక్కలోకి తీసుకునే రకం రాసి ఉంటే ఫండ్‌కు వచ్చేవి దాదాపు 5,450 షేర్లు, స్నేహితులకు 41 శాతం దాకా మిగులుతుంది. నా మట్టుకు, తొలి విడతల్లో ఫుల్ రాట్చెట్‌కు ఒప్పుకోవడం కంటే వాల్యుయేషన్ కొంచెం తగ్గించుకోవడమే నయం.

ప్రతిపాదన పంపే ముందు ఒక పని చేయండి. వాల్యుయేషన్ పక్కనే షేరు ధర, మొత్తం షేర్ల సంఖ్య, పూల్ పరిమాణం రాయండి. నోటిమాటగా ఎవరికైనా ‘రెండు శాతం ఇస్తా’ అని ఉంటే అదీ పట్టికలో ఒక వరుసగా చేర్చండి. లేకపోతే డ్యూ డిలిజెన్స్‌లో బయటపడి విడత ఆగిపోతుంది. టర్మ్ షీట్ వచ్చాక వాళ్ల షేరు ధరను మీ షేరు ధరతో పోల్చండి. రెండూ కలవకపోతే ఎక్కడో ఏదో వాక్యం ఉన్నట్టే. సంతకం పెట్టకముందే దాన్ని వెతికి పట్టుకోండి.